ఏ నూటికి ముప్ఫై?

టెక్కలి బడిలో నేను లెక్కల మాస్టర్ని. ఆ రోజుల్లో నాకు రెండు గర్వాలుండేవి: ఒకటి ఇస్త్రీ చొక్కా, రెండోది లాభనష్టాల పాఠం. చొక్కా ఎప్పుడో చిరిగిపోయింది. పాఠం సంగతి చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను.

మా అక్క పలాసలో జీడిపప్పు తీయించేది. బావ పోయాక ఉద్దానంలో కొబ్బరితోట వాటా అమ్మేసి, వచ్చిన ఐదువందలూ ఈ పనిలో పెట్టింది. ఊళ్ళలో జీడిపిక్కలు కొనడం, పెరట్లో పెనం మీద కాల్పించడం, ఆడవాళ్ళ చేత కొట్టించి పప్పు తీయించడం, పొట్టు ఒలిపించి డబ్బాలకెత్తి స్టేషను దగ్గరి వర్తకుడికి అమ్మడం. ఆ ఐదువందలే మళ్ళీ మళ్ళీ తిరగాలి. అవి కరిగిపోతే అక్కకి ఇంకే ఆధారమూ లేదు.

అమ్మకం ధర ఎలా కట్టాలో నన్నడిగింది. అడగకపోయినా చెప్పేవాణ్ణనుకోండి. "పిక్కల ధర, కూలి, కట్టెలు, డబ్బాలు, అన్నీ కలిపి ఎంతయిందో చూడు. దాని మీద నూటికి ముప్ఫై వేసి అమ్ము" అన్నాను.

"మరి ఇల్లు నడపడానికి ఎంత తీసుకోమంటావు?"

"అదే కదక్కా. అమ్మగా వచ్చిన డబ్బులో నూటికి ముప్ఫై తీసుకో. మిగిలింది పెట్టుబడి."

రెండు చోట్లా నూటికి ముప్ఫయ్యే. నాకేమీ తేడా కనపడలేదు. బడి పుస్తకంలో లాభశాతం ఎప్పుడూ కొన్నవెల మీదే కడతారు. అమ్మినవెలలో నూటికెంత అని అడిగే లెక్క అందులో లేదు. పుస్తకంలో లేనిది లోకంలో ఉంటుందని నాకు తోచలేదు.

ఆ వేసవిలో మూడు మార్లు సరుకు తయారయింది. ఆదివారాలు చిన్న రైల్లో నౌపడ దాకా, అక్కణ్ణించి పెద్ద రైల్లో పలాసకి వెళ్ళి కాగితాలు చూసేవాణ్ణి, డబ్బు పెట్టె మాత్రం తెరిచి చూడలేదు. పరీక్షలయ్యాక వేసవి సెలవులకి పూర్తిగా అక్కింట్లోనే దిగాను. మూడో మారు సరుకు అమ్మాక పిక్కలు కొనబోతే పెట్టెలో మూడువందల డెబ్బై ఏడే ఉన్నాయి. ఐదువందలుండాలి. అక్క అడ్డమైన ఖర్చులు చేసే మనిషి కాదు. నేను లెక్కల్లో పొరపాటు చేసే మనిషిని కాదు. కాబట్టి ఎవరో పప్పు ఎత్తుకుపోతున్నారని తేల్చేశాను.

పెరట్లో పదిమంది ఆడవాళ్ళు పిక్కలు కొట్టేవారు. వాళ్ళలో పెద్దావిడ ఉద్దానం నుంచి వచ్చేది. చెయ్యి తిరిగిన మనిషి, ఆవిడ కొట్టిన పిక్కలో పప్పు విరిగేది కాదు. అందరికంటే ముందు వచ్చి అందరికంటే వెనక వెళ్ళేది కనక నా అనుమానం ఆవిడ మీదే పడింది. అంత గొప్పది నా తర్కం.

మధ్యాహ్నం అందరూ గంజి తాగుతుంటే ఆవిణ్ణి లేపి నిలబెట్టాను. "రొంటిన ఏముందో విప్పి చూపించు" అన్నాను. మిగతావాళ్ళ చేతులు గిన్నెల మీదే ఆగిపోయాయి. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, ముడి విప్పి దులిపింది. చిన్న గుడ్డ మూటలోంచి బూడిద రాలింది. జీడి రసం చేతులు కాల్చకుండా రాసుకునే బూడిద.

"పప్పు పోతే తూకంలో తెల్దా బాబూ?" అంది. "పిక్కలకి తగ్గ పప్పు తూగింది గదా. సొమ్ము తగ్గితే సొమ్ము లెక్క సూసుకోవాల. నా రొంటినేటుంతాది?"

నాకు ఒళ్ళు మండింది. ఆ మాట నిజం కావడం వల్ల ఇంకా మండింది. "నాకు లెక్కలు నేర్పకు" అన్నాను. ఆవిడ మూట కట్టుకుని, గంజి అలాగే వదిలేసి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు.

ఆ సాయంత్రం అక్క నా ముందు కూర్చుని పదమూడు జీడిపిక్కలు వరసగా పెట్టింది.

"తమ్ముడా, పిక్కకి పది రూపాయలనుకో. పది పిక్కలు మన ఖర్చు. నూటికి ముప్ఫై ఏసి అమ్మితే పదమూడు వచ్చాయి. వీటిలో లాభం ఎన్ని?"

"మూడు."

"ఇప్పుడు నువ్వు సెప్పినట్టు పదికి మూడు సొప్పున తీత్తాను సూడు." పది పిక్కల్లోంచి మూడు తీసి పక్కన పెట్టింది. తర్వాత మిగతా మూడింటినీ చూపించింది. "ఈటిలోనూ పదికి మూడు సొప్పున తీయాల గదా. అంటే ఇంకో పిక్కకి కొంచెం తక్కువ."

నేను మనసులో గుణించుకున్నాను. నూట ముప్ఫైలో నూటికి ముప్ఫై అంటే ముప్ఫై తొమ్మిది. మిగిలేది తొంభై ఒకటి. వంద పెడితే తొంభై ఒకటే తిరిగొస్తున్నాయి. ఐదువందలు నాలుగువందల యాభై ఐదు, అక్కణ్ణించి నాలుగువందల పధ్నాలుగు, అక్కణ్ణించి మూడువందల డెబ్బై ఏడు. రూపాయికి రూపాయి సరిపోయింది. ఖర్చు మీద ముప్ఫై అంటే అమ్మకంలో నూటికి ఇరవైమూడే. అమ్మకంలో నిజంగా ముప్ఫై మిగలాలంటే డెబ్బై రూపాయల సరుకు వందకి అమ్మాలి. అంటే ఖర్చు మీద నూటికి నలభై మూడు వెయ్యాలి. అక్క తిన్న లాభంలో నూట ఇరవైమూడు రూపాయలు లాభం కాదు, కొబ్బరితోట.

"ఎప్పుడు కనిపెట్టావక్కా?"

"నాను కాదు. ఆవిడే. కిందటి వారం ఇలాగే పిక్కలు పెట్టి సూపించింది. ఏ నూటికమ్మా ముప్ఫై, కొన్న నూటికా అమ్మిన నూటికా అని అడిగింది. మా తమ్ముడు మాస్టరు, ఆడికి తెల్దేటి అని ఆవిణ్ణి నోరు మూయించాను."

నేను పదమూడు పిక్కలూ ఏరి బుట్టలో వేశాను.

ధర పెంచడానికి వర్తకుడు ఒప్పుకోలేదు. అందుకని అక్క ఆ రోజు నుంచి అమ్మిన నూటికి ఇరవైమూడే తీసుకుంది. పూటకి ఒక కూర తగ్గింది. మూడువందల డెబ్బై ఏడు మాత్రం మళ్ళీ తగ్గలేదు.

పిక్కల లెక్క తేలిన మర్నాటి ఉదయమే నేను ఉద్దానం వెళ్ళాను. ఆవిడ గుమ్మం ముందు కొబ్బరాకు అల్లుతోంది. వేళ్ళు జీడి రసానికి నల్లగా ఉన్నాయి. నిలబడే చెప్పాను. తప్పు నాదని, లెక్క ఆవిడే సరిగ్గా చెప్పిందని, తిరిగి పనికి రమ్మని. మర్యాదగానే చెప్పాను, దారంతా సాధన చేసుకుంటూ వచ్చాను కనక.

ఆవిడ అల్లిక ఆపలేదు. "పదిమందిలో నా రొంటి దులిపించినావు" అంది. "తప్పు నీదని ఒక్కడివే వచ్చి నాకు సెప్తన్నావా? అది నాకు ముందే తెలుసు బాబూ. తెలీనోళ్ళు ఆడున్నారు, పెరట్లో. ఆళ్ళకి సెప్పు, వత్తాను."

సరేనన్నాను. పలాస చేరి పెరటి గుమ్మం దాకా వెళ్ళాను. తొమ్మిదిమందీ కొట్టడం ఆపి నా వైపు చూశారు. వాళ్ళు మాస్టారూ అని పిలిచే మనిషి నేను.

"కట్టెలు తడవకుండా చూసుకోండి" అని చెప్పి లోపలికి వచ్చేశాను.

ఆవిడ రాలేదు. ఎందుకు రాలేదని అక్క నన్ను చాలాసార్లు అడిగింది.