నాకు లేని తప్పు

జగదల్‌పూర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు బీమా డెస్కుకు మనిషి కావాలని ప్రకటన ఇచ్చారు. ఆసుపత్రి పని తెలిసినవాళ్లకే ప్రాధాన్యం, కంప్యూటరు ఒక్కటే వస్తే చాలదు అని కింద రాశారు. అది చదవగానే ఒళ్లు మండింది. కిరండూల్‌లో లారీల ఆఫీసు మూతపడేదాకా అక్కడి కంప్యూటరు పనంతా నా చేతుల మీదే నడిచింది. ఇంట్లో జీతం తెచ్చేదాన్ని నేనొక్కదాన్నే. అందుకే దరఖాస్తు పెట్టాను.

మా చిన్నాన్న కూతురూ పెట్టింది. దానికి టైపింగు నేర్పింది నేనే. దంతెవాడలో ఒక నర్సింగ్ హోమ్‌లో రెండేళ్లు బీమా కాగితాలు చూసింది. అదే దాని గొప్ప.

ఇద్దరం ఒకే రైల్లో వెళ్లాం. మేనేజరమ్మ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి హిందీలో అడిగింది: కడుపు నొప్పితో చేరిన రోగికి మందుల వైద్యానికే బీమా అనుమతి వచ్చింది. మర్నాడు డాక్టరు ఆపరేషన్ చేయాలన్నాడు. మీరేం చేస్తారు?

ముందు నేనే అందుకున్నాను. కాగితాలన్నీ వరుసగా సర్దుకుని, డిశ్చార్జి రోజున బిల్లుతో కలిపి ఒకేసారి పంపుతానన్నాను. చక్కగా చెప్పాననే అనుకున్నాను. ఆవిడ తలూపి చెల్లెలి వైపు తిరిగింది.

ఆపరేషన్ ఎందుకో డాక్టరుతో రాయించుకుని, రిపోర్టులు జతచేసి, ఆపరేషన్‌కు ముందే కొత్త అనుమతి అడుగుతానంది. ప్రాణం మీదికొస్తే మాత్రం వైద్యం ఆపకుండానే వాళ్లకు తెలియజేస్తానంది.

"ఈ పనిలో ఎప్పుడైనా తప్పు చేశావా?" అని ఆవిడ అడిగింది.

అది తల దించుకుంది. ఒకసారి సరిగ్గా నేను చెప్పినట్టే చేసిందట. డిశ్చార్జి దాకా ఆగితే, ఆపరేషన్‌కు అనుమతి లేదని బీమా వాళ్లు క్లెయిము తిప్పికొట్టారట. అప్పటినుంచి రోజూ పొద్దున్నే వార్డుకు వెళ్లి, ఎవరి వైద్యమైనా మారిందా అని నర్సులను అడిగేదట.

మేనేజరమ్మ పెన్ను పక్కన పెట్టి, కుర్చీ దాని వైపు జరుపుకుంది. నా వైపు మళ్లీ చూడలేదు.

తిరుగు రైల్లో అది పులిహోర డబ్బా విప్పి నా ముందు పెట్టింది.

"ఆ తప్పు సంగతి సెప్పకుండా ఉండాల్సిందేమో అక్కా. పరువు పోయింది. ఉద్యోగం ఇంక రాదేమో."

ఆ తప్పు వల్లే దానికి ఉద్యోగం వస్తుందని నాకు తెలుసు. నా అనుభవమంతా వెతికినా, ఆవిడ ముందు చెప్పుకోదగ్గ తప్పు ఒక్కటీ దొరకలేదు. ఆ తప్పు చేయడానికైనా ముందు ఎవరో ఒకరు నన్ను ఆసుపత్రిలో పెట్టుకోవాలి కదా.

"ఏటక్కా, తినవేటి?" అంది.

ఆకలి లేదన్నాను. దాని మంచితనం మీద కూడా కుళ్లుకున్నాను.