నేను రాసిన ‘చెరువు బాగుంది’

భీమవరంలో మా ఆఫీసు రొయ్యల మేత అమ్మే కొట్టు పై అంతస్తులో ఉంది. మెట్లెక్కి కుర్చీలో కూర్చునే దాకా మేత వాసన వెంటే వస్తుంది. రాజమండ్రిలో పత్రిక డెస్కు నుంచి రిటైరయ్యాక, వారానికి మూడు రోజులు ఇక్కడికి వచ్చి తెలుగు రాసిపెడుతున్నాను. ఇక్కడ రాసేది వార్తలు కాదు. ఫోన్ యాప్‌లో రైతులకు కనిపించే మాటలు.

మా వాళ్ల పని రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలవడం. నీటిలో ఒక కొలత పరికరం, గట్టు మీది షెడ్డులో సిమ్ కార్డుతో ఒక పెట్టె ఉంటాయి. పావుగంటకోసారి అంకె మా సర్వర్‌కి చేరుతుంది. అంకె మూడు కంటే తగ్గితే రైతు ఫోన్ మోగుతుంది. మోగిందంటే పరుగెత్తి, నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లన్నీ వెయ్యాలి. లేకపోతే రొయ్య ఊపిరాడక పైకి తేలుతుంది, ఆ తర్వాత అడుగున పడుతుంది.

అంకె బాగున్నప్పుడు తెర మీద పచ్చగా ఒక మాట కనిపిస్తుంది: ‘మీ చెరువు బాగుంది.’ ఆ మాట నాదే. మొదట ‘ఆక్సిజన్ తగినంత ఉంది’ అని ఉండేది. బొత్తిగా ఆసుపత్రి చీటీలా ఉందని నేనే మార్చాను. రైతులకు నచ్చిందని మా యజమాని చెప్పినప్పుడు సంతోషించాను కూడా.

ఆ రోజు తెల్లవారినప్పటి నుంచీ మబ్బు. ఆకు కదలలేదు. అలాంటి రోజు చెరువుకి మంచిది కాదు. ఎండ లేకపోతే నీటిలోని నాచు ఆక్సిజన్ ఇవ్వదు, గాలి లేకపోతే పైనుంచీ కలవదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి నా బల్ల మీది ఫోన్ మోగింది. కాళ్ల అనే ఊరి వైపు రెండు చెరువులు కౌలుకి తీసుకున్న ఒక టీచరు గారు. బడి నుంచి రిటైరయ్యాక వేసిన మొదటి పంట అది. వారంలో పట్టుబడి, అంటే రొయ్య పట్టి అమ్మడం.

“ఏమండీ, మా గుమాస్తా రొయ్య గట్టు వారకి వస్తోందంటున్నాడు. మీ యాప్‌లో చూస్తే చెరువు బాగుందనే ఉంది. ఎవరి మాట నమ్మమంటారు?”

చెరువు మీద కాపుండి మేత వేసే మనిషిని ఇక్కడ గుమాస్తా అంటారు. నేను ఆవిడ నంబరు కొట్టి తెర చూశాను. పచ్చగా ఉంది. నేను రాసిన మాటే.

“బాగానే ఉందండి,” అన్నాను.

“అంతే కదండీ. వాడిదంతా కంగారు. ఇప్పుడే ఏరియేటర్లన్నీ వెయ్యమంటారా అని ఒకటే గొడవ. నాకు చర్చిలో స్త్రీల సమాజం ఉంది, వెళ్లాలి. వద్దని చెప్పేస్తాను,” అని పెట్టేశారు.

రెండుంబావుకి మా ఇంజనీరమ్మాయి తన కుర్చీలోంచి లేచింది. ఆ పిల్ల మామూలుగా లేవదు, కూర్చునే అందరినీ పిలుస్తుంది.

“సార్, నల్ల పెట్టెల నుంచి పదకొండు తర్వాత ఒక్క రీడింగూ రాలేదు. తెల్లవి వస్తున్నాయి.”

నల్లవి పాత రకం, తెల్లవి కొత్తవి. మా చెరువుల్లో మూడో వంతు నల్లవే.

“మరి ఎలర్టు రాలేదేంటి?” అన్నాడు యజమాని.

“రీడింగు తగ్గితేనే ఎలర్టు వెళ్తుంది సార్. అసలు రీడింగే రాకపోతే తగ్గిందో పెరిగిందో దానికేం తెలుస్తుంది? యాప్‌లో ఆఖరుగా వచ్చిందే అలా నిలబడిపోయింది.”

“ఆఖరిది అంటే?” అన్నాను.

“పదకొండు గంటలదండీ. పదకొండుకి బాగుంటే ఇప్పుడూ బాగుందనే చూపిస్తుంది.”

టీచరు గారిది ఏ పెట్టె అని అడిగాను. నల్లది. వెంటనే ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ప్రార్థనలో సైలెంట్‌లో పెట్టి ఉంటారు. గుమాస్తా నంబరు ఇవ్వమన్నాను. మా దగ్గర లేదు. మా లెక్కలో ప్రతి చెరువుకీ కౌలుదారు నంబరే ఉంది. ఏరియేటర్ స్విచ్చి దగ్గర ఉండే మనిషి నంబరు ఏ చెరువుకీ లేదు. ఫోన్ ఎక్కడ మోగాలో అక్కడ కాకుండా, డబ్బు కట్టే వాళ్ల దగ్గర మోగేలా పెట్టుకున్నాం.

యజమాని అప్పటికే కస్టమర్లకి పంపాల్సింది టైపు చేసి నాకు చూపించాడు. ‘సాంకేతిక నిర్వహణ కారణంగా కొందరు వినియోగదారులకు సేవల్లో స్వల్ప అంతరాయం కలగవచ్చు. అసౌకర్యానికి చింతిస్తున్నాం.’

“తప్పులేమైనా ఉన్నాయా గురువుగారూ?”

“అక్షరాల్లో లేవు. ఇది చదివి ఎవరు చెరువు దగ్గరికి వెళ్తారు?”

“టెలికాం వాళ్ల దగ్గర ఎస్సెమ్మెస్‌కి ముందుగా అనుమతి తీసుకున్నది ఇదొక్కటేనండీ. కొత్త మాటలు పంపడానికి ఇప్పుడు కుదరదు.”

“అయితే ఎస్సెమ్మెస్ వద్దు. వాట్సాప్ గ్రూపుల్లో పెడదాం. నల్ల పెట్టెల వాళ్లకి అందరం కూర్చుని ఫోన్లు చేద్దాం.”

పత్రికలో ఉండగా గోదావరి వరదల రోజుల్లో మాకొక అలవాటు ఉండేది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతో రాసేటప్పుడు పక్కన గంట రాయకపోతే ఆ వాక్యం పేజీలోకి వెళ్లేది కాదు. గంట లేని అంకె వార్త కాదు, పుకారు అనేవారు మా పెద్ద సబ్ ఎడిటర్. అన్నేళ్లు ఆ మాట కింద పనిచేసి, ఇక్కడికొచ్చి ‘చెరువు బాగుంది’ అని గంట లేకుండా రాశాను. తెర మీద చోటు తక్కువని, మాట ముద్దుగా ఉందని. గంట చూడాలంటే ఆ మాట నొక్కి లోపలి పేజీకి వెళ్లాలి.

మూడింటికి ఇలా రాశాను:

‘మధ్యాహ్నం మూడు గంటలకి మాకు తెలిసింది ఇది. నల్ల పెట్టెలున్న చెరువుల నుంచి ఉదయం పదకొండు తర్వాత రీడింగులు రావడం లేదు. తెల్ల పెట్టెలు మామూలుగా పనిచేస్తున్నాయి. నల్ల పెట్టె ఉన్నవారికి యాప్‌లో చెరువు బాగుంది అని కనిపించినా నమ్మవద్దు. అది ఉదయం మాట. ఇప్పుడు ఆక్సిజన్ పడిపోయినా మా నుంచి ఫోన్ రాదు. చెరువు మీద ఉన్న మనిషికి వెంటనే చెప్పి చేతి మీటరుతో కొలిపించండి. పక్క చెరువు వాళ్లది నల్ల పెట్టె అయితే వాళ్లకీ చెప్పండి. కారణం ఇంకా తెలియలేదు. తెలిసినా తెలియకపోయినా ఐదు గంటలకి మళ్లీ చెబుతాం.’

యజమాని రెండుసార్లు చదివాడు. “నమ్మొద్దని మనమే చెప్తే రేపు ఎలా నమ్ముతారండీ? గ్రూపులో మన పోటీ కంపెనీ వాళ్లు కూడా ఉన్నారు. పండగ చేసుకుంటారు.”

“చేసుకోనీ. టీచరు గారికి ఒంటిగంటకి బాగుందని చెప్పింది నేను.”

అతను నా మొహం చూశాడు. మెసేజ్ పంపాడు. పంపాక, “గుమాస్తాలు ఇంత చదవరు గురువుగారూ,” అంటూ అదే మాటల్ని తన గొంతుతో చదివి వాయిస్ మెసేజ్ కూడా పెట్టాడు. ఆ ఆలోచన నాకు రాలేదు.

తర్వాత రెండు గంటలు ఫోన్లే. ఒకాయన తిట్టాడు. ఒకాయన తనది నల్లదో తెల్లదో చూడ్డానికి మమ్మల్ని లైన్లో ఉంచి గట్టు మీద పావుమైలు నడిచాడు, ఆయాసం వినిపిస్తూనే ఉంది. గ్రూపులో మా మెసేజ్ మీద ఎవరో పెళ్లి శుభలేఖ పెట్టారు. దాని మీద మళ్లీ మా మెసేజ్ పెట్టాం. టీచరు గారికి ఎనిమిదిసార్లు చేశాను. కిటికీలోంచి చూస్తే మబ్బు అలాగే ఉంది.

నాలుగున్నరకి ఇంజనీరమ్మాయికి కారణం దొరికింది. ఉదయం సర్వర్‌లో చేసిన ఒక మార్పు పాత పెట్టెలకి సరిపడలేదు. మార్పు వెనక్కి తీసేసింది. తెర మీద అంకెలు ఒకటొకటిగా కదిలాయి.

“వచ్చేశాయి! ఐదింటి మెసేజ్‌లో సేవలు పునరుద్ధరించాం అని రాసేయండి గురువుగారూ,” అన్నాడు యజమాని.

“అన్నీనా అమ్మా?” అన్నాను.

“సగం వచ్చాయండీ. మిగతావి సర్వర్‌కి పంపడం మానేసి బిగుసుకుపోయాయి. ఎవరైనా వెళ్లి స్విచ్ ఆపి వెయ్యాలి.”

టీచరు గారి చెరువు చూడమన్నాను. రాలేదు. పచ్చగానే ఉంది.

“ఆ రాని సగం వాళ్లు కూడా పునరుద్ధరించాం అని చదివి ఇంటికెళ్లి పడుకుంటారు బాబూ,” అన్నాను. యజమాని కుర్చీ వెనక్కి నెట్టాడు. ఒక గంట ఆగితే మొత్తం బాగయ్యాక ఒకేసారి మంచి కబురు చెప్పొచ్చని అతని మనసు. ఐదుకి చెబుతామన్నది మేమే.

ఐదింటికి వెళ్లింది: ‘కారణం తెలిసింది. ఉదయం మేము సర్వర్‌లో చేసిన మార్పే. దాన్ని తీసేశాం. నల్ల పెట్టెల్లో సగం తిరిగి పనిచేస్తున్నాయి, సగం చెయ్యడం లేదు. మీది ఏదో తేలేదాకా పనిచెయ్యడం లేదనే అనుకోండి. పెట్టె స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి వెయ్యండి. యాప్‌లో పచ్చ మాట నొక్కితే కనిపించే గంట మారితేనే వచ్చినట్టు. అప్పటిదాకా మీటరుతోనే చూసుకోండి. మళ్లీ ఏడు గంటలకి చెబుతాం.’

ఐదూ ఇరవైకి నా ఫోన్ మోగింది. టీచరు గారు.

“ఏమండీ, చర్చి నుంచి బయటికొచ్చేసరికి ఇరవై మిస్డ్ కాల్స్! సగం మీవి, సగం మా గుమాస్తావి.”

“అమ్మా, చెరువు...”

“పక్క చెరువాయన ఫోన్‌లో మీ వాళ్ల గొంతు విన్నాట్ట. మీ టీచరమ్మదీ నల్ల పెట్టే కదరా అంటూ మీటరు పట్టుకుని గట్టు దాటి వచ్చాడట. రెండున్నర చూపించిందట. నన్ను అడక్కుండానే మావాడు నాలుగు ఏరియేటర్లూ వేసేశాడు. ఆక్సిజన్ గుళికలు కూడా చల్లాడు.”

“ఇప్పుడెలా ఉందండీ?”

“మూడున్నర దాటింది. రొయ్య లోపలికి దిగింది. వారన కొన్ని పోయాయి, ఎన్నో రేపు వల వేస్తే గాని తెలీదు.” “మధ్యాహ్నం బాగుందని చెప్పింది మీరేనా?”

“నేనేనండీ. తెర చూసి చెప్పాను. గంట చూడలేదు. తప్పు నాది.”

“నేనూ వాణ్ణి కంగారుగొట్టన్నాను,” అన్నారావిడ. “వాడు కళ్లతో చూసి చెప్పాడండీ.” తర్వాత బడిలో పిల్లల్ని అడిగినట్టు అడిగారు: “ఏడింటికి మళ్లీ చెబుతారా, చెప్పరా?”

“చెబుతామండీ.”

“మా వాడి నంబరు రాసుకోండి. వాడికే చెప్పండి.”

రాసుకున్నాను. మా దగ్గర చేరిన మొదటి గుమాస్తా నంబరు అది.

ఇంజనీరమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. “ఆ పచ్చ మాట ఇప్పుడే మార్చేస్తానండీ. ఏం పెట్టమంటారు?”

కాగితం మీద రాసిచ్చాను: ‘ఉదయం 11 గంటలకి ఆక్సిజన్ 5. ఆ తర్వాత తెలియదు.’

“చాలా పొడుగుందండీ, పట్టదు.”

“అక్షరాలు చిన్నవి చెయ్యమ్మా. గంట మాత్రం తియ్యకు.”

ఆ పిల్ల వెళ్లి కూర్చుంది. బిగుసుకుపోయిన పెట్టెల జాబితా ముందేసుకుని, ఇంకా ఎత్తని ఫోన్లకి మళ్లీ చెయ్యడం మొదలుపెట్టాను. కింద మేత కొట్టు వాడు బస్తాలు లోపలికి సర్దుకుంటున్నాడు. ఏడింటికి ఏం రాయాలో ఇంకా తెలియలేదు. ‘ఏడు గంటలకి మాకు తెలిసింది ఇది’ అని మొదటి మాట మాత్రం రాసి పెట్టుకున్నాను.