సాంబ్రాణి పొగలో తాయెత్తు

నా చిన్నప్పుడు మేము మస్కట్ దగ్గర అల్ మవాలేలో ఉండేవాళ్లం. నాన్న అక్కడ ఒక దుకాణంలో పనిచేసేవాడు. నాకు ఆయాసం ఉండేది. నా ఊపిరిలో కాస్త పిల్లికూతలు వినిపిస్తే చాలు, అమ్మ ఒకచోట నిలవలేకపోయేది.

కడప నుంచి అమ్మమ్మ పంపిన తాయెత్తు నా మెడలో ఉండేది. యంత్రం గీసిన రేకును చుట్టి, రాగి గొట్టంలో పెట్టి, మూతిని లక్కతో మూసి నల్లదారానికి కట్టారు. నా దిండు కింద ఒక స్ఫటికం కూడా ఉండేది. వాటి బలం తగ్గకూడదని అమ్మ శుక్రవారం సాయంత్రాలు వాటికి సాంబ్రాణి పొగ పట్టేది. నాన్నకు ఇవేవీ గిట్టవు. ఆయన ఎగతాళి చేసేకొద్దీ అమ్మ పొగ పెంచేది.

ఒక శుక్రవారం బయట దుమ్ముగాలి. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఇద్దరూ మాటామాటా అనుకున్నారు. అమ్మ పంతంగా నిప్పుల మీద ఇంకో పిడికెడు సాంబ్రాణి వేసింది. నా ఛాతీ బిగుసుకుపోయింది, నోట మాట రాలేదు. నాన్న కంగారులో తాయెత్తు పట్టుకుని లాగితే దారం తెగింది. అమ్మ ఏడుస్తూ దాని కోసం నేలంతా తడుముతోంది.

ఆ గోల విని పక్కింటి అక్క వచ్చింది. గోదావరి వైపు నుంచి వచ్చి అక్కడ నర్సుగా పనిచేసేది. వస్తూనే నన్ను పొగలేని తన గదికి ఎత్తుకెళ్లి నిటారుగా కూర్చోబెట్టింది. నాన్న మా ఇంట్లోంచి తెచ్చిన నా ఇన్‌హేలర్‌ను బాగా ఊపి, స్పేసర్ అనే ప్లాస్టిక్ డబ్బాకు తగిలించి, ఒక్కసారి నొక్కి నెమ్మదిగా పీల్చమంది. కాసేపాగి మళ్లీ ఇచ్చింది. తగ్గకపోతే ఆసుపత్రికే అని నాన్నను కారు సిద్ధం చేయమంది. మెల్లగా గాలి ఆడింది.

"ఇప్పుడు చెప్పు, ఏం చేసింది నీ తాయెత్తు?" అన్నాడు నాన్న.

అక్క ఆయన వైపు చూడలేదు. దొరికిన తాయెత్తును గుప్పిట్లో పట్టుకుని మా వెనకే వచ్చిన అమ్మ పక్కన కూర్చుంది.

"పిన్నిగారూ, దీనికి పొగే పట్టాలా? వేరే పద్ధతేమైనా ఉందాండీ?"

అమ్మ తాయెత్తు మీది దుమ్ము తుడిచింది. "పొద్దుటెండలో పెట్టినా సరిపోతాదని మాయమ్మ అనేది."

"అయితే అలాగే చేద్దామండి. పొగ పిల్లదాని ఊపిరికి పడట్లేదు."

ఆ మాటకు అమ్మ మొహం పాలిపోయింది. అక్క ఆమె చేయి పట్టుకుని, "మీకు తెలీక చేశారు" అంది. కొత్త దారం తెచ్చి తనే తాయెత్తు కట్టింది.

తర్వాత ఎప్పుడో ఆమెను అడిగాను, అది నిజంగా పనిచేస్తుందా అని. "నీకు ఊపిరి ఆడించింది మందు. తాయెత్తు ఉంటే మీ అమ్మకు కాస్త ధైర్యం. రెండూ ఒకటి కాదు" అంది.

ఇప్పుడు నేను తాయెత్తులు నమ్మను. కానీ భయపడిన మనిషి గట్టిగా పట్టుకున్నదాన్ని లాగేసే ముందు, పక్కన కూర్చుని దాని గురించి అడుగుతాను.