టీవీలో అమ్మ పాట

బాపుకు అరవై నిండినప్పుడు షష్టిపూర్తి చేయాలని తమ్ముడు పట్టుబట్టాడు. సూరత్ వడోద్‌లో మా ఇంటికి దగ్గరలోనే మనవాళ్ల వాడి ఉంది. వాడి అంటే ఇక్కడ ఫంక్షన్ హాలు. దాన్ని ఒక పూటకు మాట్లాడాడు. వంటలు, పూలు, పూజకు అయ్యగారు అన్నీ వాడు చూసుకున్నాడు. ఫొటోల పని నాకు అప్పగించాడు. నేను చీరల మార్కెట్లో ఒక దుకాణంలో పని చేస్తాను. రోజంతా చీరలకు ఫోన్‌తో ఫొటోలు తీసి కొనే పార్టీలకు పంపడమే నా పని కాబట్టి, టీవీలో పాటతో పాటు ఫొటోలు నడిపించడం నాకు చేతనవుతుందని తమ్ముడి నమ్మకం.

చేతనైంది కూడా. ఇంట్లో ఉన్న పాత ఆల్బంలోని ఫొటోలను కిటికీ దగ్గర పెట్టి, వెలుతురు మెరవకుండా పక్కకు జరిపి జరిపి ఫోన్‌తో తీశాను. చుట్టాలు వాట్సాప్‌లో పంపినవి టీవీ మీద పెద్దగా చేస్తే మొహాలు పిండి చల్లినట్టు అవుతున్నాయి. డాక్యుమెంట్‌గా పంపమని మళ్లీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాను. వదిన తన ఫోన్లో ఉన్నవన్నీ ఇచ్చింది. అంటే, మా పిన్ని కొడుకు భార్య. పల్సానాలో ఉంటారు. అన్నీ వరుసలో పెట్టుకుని, ఒక్కో ఫొటో మూడు సెకన్లు నిలిచేట్టు ఫోన్లోనే వీడియో చేశాను. నిలువు ఫొటోలకు పక్కల నల్లగా రాకుండా అదే ఫొటోను మసకగా వెనక పరిచాను.

ఇక పాట. సినిమా పాట పెట్టమని తమ్ముడన్నాడు. నాకు మనసొప్పలేదు. మా అమ్మ పని చేసుకుంటూ పాడుతుంది. బతుకమ్మ పాటలు, నాట్లప్పటి పాటలు, ఎక్కడ నేర్చుకుందో తనకే గుర్తులేనివి. పాడమంటే పాడదు. ఒక మధ్యాహ్నం ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ పాడుతుంటే ఫోన్‌ను కూరగాయల బుట్ట వెనక పెట్టి రికార్డు చేశాను. చాటలో బియ్యం జారే చప్పుడు కూడా వచ్చింది. దాన్ని తీసేయలేదు. ఆ పాటను వీడియో కింద పరిచి, ఎవరికీ చెప్పకుండా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఎందుకైనా మంచిదని విడి ఫొటోలను కూడా అందులో వేరే ఫోల్డర్లో వేశాను.

ఇక్కడ బాపు సంగతి చెప్పాలి. పదహారేళ్లప్పుడు సిరిసిల్ల దగ్గరి మా ఊరి నుంచి సూరత్ వచ్చి సాంచెల మీద నిలబడ్డాడు. మరమగ్గాలను మేం సాంచెలంటాం. ఒక్క షెడ్డులో అవి వరుసగా నడుస్తుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు. అందుకే సాంచెలవాళ్లు చేతులతో, పెదవులతో మాట్లాడుకుంటారు. ఆ చప్పుడులో బాపు చెవులు మెల్లమెల్లగా పోయాయి. ఎప్పుడు పోయాయో మాకెవరికీ తెలియదు. మొదట టీవీ సౌండ్ పెంచమనేవాడు. తర్వాత పెంచమనడం కూడా మానేశాడు. ఎదురుగా నిలబడి మెల్లగా చెబితే పెదవులు చూసి అర్థం చేసుకుంటాడు. తాను మాత్రం ఇంటి లోపలా సాంచెల మధ్యలో ఉన్నట్టే గట్టిగా మాట్లాడతాడు. ఇది మాకు ఎంత అలవాటైపోయిందంటే, పాట ఎంచుకునేటప్పుడు ఆయన వినలేడన్న ఆలోచనే నాకు రాలేదు.

పూజ, దండలు, కాళ్లు కడగడం అన్నీ అయ్యాక, భోజనాలకు ముందు అందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టారు. స్టాండు మీద పెద్ద టీవీ అద్దెకు తెచ్చారు. దాని సొంత సౌండు అంత హాలుకు సరిపోదని, టీవీ వెనక ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రం నుంచి వైరు లాగి హాలు వాళ్ల స్పీకరుకు కలిపాను. పెన్‌డ్రైవ్ గుచ్చి వీడియో మొదలుపెట్టాను. బాపు, అమ్మ దండలతోనే ముందు వరుసలో కూర్చున్నారు.

పాట మొదలైన కాసేపటికే అమ్మ గుర్తుపట్టింది. తల వంచి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. వెనక కూర్చున్న ఆడవాళ్లకు కూడా అర్థమై నవ్వులు మొదలయ్యాయి. ఎవరో ఆమె భుజం తట్టారు. పల్సానా వదిన వంగి చెవిలో ఏదో అన్నది. టీవీలో ఫొటోలు మారుతున్నాయి, కానీ అందరి కళ్లు అమ్మ మీదే ఉన్నాయి. నేను సంతోషంగా ఫోన్‌లో అదంతా వీడియో తీస్తున్నాను.

బాపు మొదట టీవీనే చూశాడు. ఒక్కో ఫొటోకు వేలు చూపబోయేలోపే అది వెళ్లిపోయేది. హాలు అవతలి వైపు ఆయనతో కలిసి ఏళ్లకేళ్లు పనిచేసిన కాకా కూర్చున్నాడు. ఇద్దరూ దూరం నుంచే చేతులతో ఏదో అనుకున్నారు. తర్వాత బాపు వెనక్కి తిరిగి నవ్వుతున్న వాళ్లను చూశాడు. అమ్మ మొహం కప్పుకుని ఉండటం చూశాడు. ఆయన మొహం మారిపోయింది. లేచి నిలబడి టీవీ ముందుకొచ్చి, చెయ్యి అడ్డంగా ఊపాడు. సాంచె ఆపమనడానికి చేసే సైగ అది.

"బంద్ చెయ్యిండ్రి," అన్నాడు గట్టిగా. "ఏమున్నది గండ్ల నవ్వనీకి? ఆమె ఫొటో ఏదన్న పాడు ఫొటో పెట్టిన్రా?"

నేను రిమోట్‌తో వీడియో ఆపాను. తమ్ముడు సర్ది చెప్పబోతే బాపు వాడి వైపు చూడనైనా చూడలేదు. అమ్మను ఎవరో ఎగతాళి చేశారన్నదే ఆయన బాధ. నేను ఆయన ఎదుటికి వెళ్లి, పెదవులు కనిపించేలా మెల్లగా చెప్పాను. ఫొటో గురించి కాదు బాపూ, పాట వస్తున్నది, ఆ పాట అమ్మ పాడింది, నేను రికార్డు చేసిన, అందుకే నవ్వుతున్నరు అని.

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను. అప్పుడు అమ్మ వైపు తిరిగాడు.

"నువ్వు ఇంకా పాడ్తున్నవా?"

అమ్మ కొంగు తీసింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. సిగ్గుతోనో, మరి దేనితోనో.

"ఎన్నడు బంద్ చేసిన?" అన్నది.

రోజూ పొద్దున మేం బాపు పక్కనే కూర్చుని చాయ్ తాగుతుంటే వంటింట్లోంచి ఆ పాట వస్తుంది. మాకు ఎంత మామూలంటే, వింటున్నామన్న స్పృహ కూడా ఉండదు. ఆయన లెక్కలో మాత్రం ఇల్లు ఎప్పుడో మూగబోయింది. సంసారం బరువుల్లో, సూరత్ ఎండల్లో ఆమె పాడటం మానుకుందని ఆయన అనుకున్నాడు. అడగలేదు. ఆమె కూడా, ఆయన వింటున్నాడో లేదో అడగలేదు.

బాపు స్పీకరు దగ్గరికి నడిచాడు. మనిషి నడుము దాకా వచ్చే నల్లటి పెట్టె. దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని, అరచెయ్యి దాని ముందున్న జల్లెడ మీద పెట్టాడు. సాంచె సరిగ్గా నడుస్తుందో లేదో కనుక్కోవడానికి దాని మీద అట్లాగే చెయ్యి పెడతాడని కాకా తర్వాత చెప్పాడు.

"పెట్టు," అన్నాడు నాతో. "గా పాట పెట్టు. ఫొటోలు జర ఆపుకుంట చూపియ్. గట్ల ఉరికిస్తే ఎట్ల?"

వీడియోలో పాట, ఫొటోలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి ఆపితే రెండోది ఆగుతుంది. అందుకని టీవీ వెనక నుంచి వైరు పీకి నా ఫోనుకు పెట్టాను. నా పాత ఫోనుకు ఇంకా ఆ రంధ్రం ఉండటం మంచిదైంది. అమ్మ పాటను ఫోన్లో మళ్లీ మళ్లీ వచ్చేలా పెట్టి, టీవీలో పెన్‌డ్రైవ్‌లోని విడి ఫొటోల ఫోల్డర్ తెరిచాను. స్లైడ్‌షో నొక్కకుండా, రిమోట్ మీద పక్క బాణంతో ఒక్కొక్కటే జరిపాను.

వరుస మాత్రం తప్పిపోయింది. నేను వీడియోలో బాపు, అమ్మల పెళ్లి ముందు, మనవలు చివర పెట్టుకున్నాను. టీవీ ఫైళ్ల పేర్ల ప్రకారం చూపిస్తుంది. ఆ పేర్లలో ఉండేది ఫోన్‌తో తీసిన తేదీ. పాత ఫొటోలను నేను ఫోన్‌తో తీసింది మొన్ననే కాబట్టి అవన్నీ చివరికి పోయాయి. మనవలు ముందొచ్చారు, తర్వాత తమ్ముడి పెళ్లి, తర్వాత ఉన్నట్టుండి మా చిన్నతనం. మధ్యలో వదిన వాళ్ల ఫొటోలు ఎక్కడపడితే అక్కడ దూరాయి. సరి చేస్తానంటే బాపు వద్దన్నాడు.

ఆయన ఒక చెయ్యి స్పీకరు మీదే ఉంచి మాట్లాడటం మొదలుపెట్టాడు. వడోద్ రాకముందు పాండేసరాలో మేమున్న ఒంటి గది ఫొటో వచ్చినప్పుడు చాలాసేపు ఆపించాడు. తాను రాత్రి పాళీ చేసి వచ్చి పగలు పడుకుంటే, తాను లేవకూడదని అమ్మ బయట అరుగు మీద కూర్చుని నూలు కండెలు చుట్టేదట. అక్కడ పాడుతుంటే గోడ ఇవతల తనకు వినపడేదట. ఆ పాటకే నిద్ర పట్టేదట. అమ్మ ఆ సంగతి అప్పుడే విన్నట్టు చూసింది. నేను ఆమె దగ్గరికి వెళ్లి అడిగితే, ఆయన నిద్ర చెడకూడదనే బయటికి పోయేదాన్నని, పాట లోపలికి వినపడేదని తెలియదని మెల్లగా చెప్పింది.

ఒక్కో ఫొటోకు కాకా కూడా ఒక మాట కలిపాడు. మా కాలనీ పిల్లలు, హిందీలోనూ గుజరాతీలోనూ మాట్లాడుకునేవాళ్లు, నేల మీదికి వచ్చి ముందు కూర్చున్నారు. వంటవాళ్లు రెండుసార్లు వచ్చి అన్నం చల్లారుతున్నదని చెప్పారు. తమ్ముడు వాళ్లను ఆగమన్నాడు. మూడు సెకన్లకు ఒకటి చొప్పున నేను చేసిన వీడియో ఎప్పుడో అయిపోయేది. ఆ విడి ఫొటోలు భోజనాల వేళ దాటిపోయేదాకా నడిచాయి. చివర వాళ్ల పెళ్లి ఫొటో వచ్చింది. ఆకలైతున్నది, లేవుండ్రి అని తానే లేచాడు.

ఆ తర్వాత తమ్ముడు ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి చెవి మిషను పెట్టించాడు. అది పెట్టుకుంటే కుక్కర్ విజిల్, బయటి రిక్షాలు అన్నీ ఒక్కసారే చెవిలో పడుతున్నాయట, పాట మాత్రం వాటిలో కలిసిపోతున్నదట. కొద్దిరోజులు చూసి డబ్బాలో పెట్టేశాడు. అలవాటు కావాలంటే ఓపికగా పెట్టుకోవాలని డాక్టరు అన్నాడు. ఇంకా మా బతిమాలడం సాగుతూనే ఉంది.

నేను ఇప్పుడు సూరత్ బయట కామ్‌రేజ్‌లో ఉంటున్నాను. ఈమధ్య ఫోన్ చేసినప్పుడు అమ్మ ఒక ఫిర్యాదు చేసింది. బాపు పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని వంటింటి గడపలో పీట వేసుకుని కూర్చుంటున్నాడట. అక్కడి నుంచి ఆమె మొహం కనిపిస్తుంది. పెదవులు చూసి, ఇది ఫలానా పాట అని పట్టుకుంటున్నాడట. ఒక్కోసారి తప్పు కూడా చెబుతాడట.

"గట్ల ఎదురుంగ కూసుంటే ఎట్ల పాడాలె బిడ్డా," అన్నది. "నాకు సిగ్గైతది."

మరి పాడటం మానేశావా అని అడిగాను. కూర మాడుతున్నదని ఫోన్ పెట్టేసింది.