ఎవరి పది గంటలు?

ఇంటర్వ్యూకు రాలేదని మా తమ్ముడి పేరు కొట్టేశారు. వాడు రాకపోవడమేమిటి? ఇస్త్రీ చొక్కా వేసుకుని కరీంనగర్ బస్టాండు ఎదుటి ఎస్టీడీ బూతులో చెప్పిన వేళకంటే ముందే కూర్చున్నాడు. పక్కన నేనున్నాను, సాక్ష్యం.

తొంభైల మొదట్లో సంగతి. ఆదిలాబాద్‌లో వాడు ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే జిన్నింగు మిల్లు మూతపడింది. దుబాయిలో మనుషుల్ని కుదిర్చే కంపెనీ ఒకటి "సోమవారం ఉదయం పది గంటలకు ఫోన్ చేస్తాం" అని ఆ బూతుకే ఫ్యాక్సు పంపింది. పదకొండు దాటినా ఫోను మోగలేదు. "ఎంతసేపని లైను ఆపుదునన్నా, గిరాకీ వాపస్ పోతుంది" అని బూతు యజమాని అంటే లేచి వచ్చేశాం.

సాయంత్రం కబురొస్తే మళ్లీ వెళ్లాం. ఫ్యాక్సులో "అభ్యర్థి గైర్హాజరు" అని ఉంది. మేము వెళ్లాక, పదకొండున్నరకు ఫోన్ వచ్చిందట.

"గంటన్నర లేటు చేసింది వాళ్లు, రానిది మనమా?" అని నేను లేచాను.

ఛుట్టీ మీద దుబాయి నుంచి వచ్చిన మా వాడకట్టు మనిషి అక్కడే ఉన్నాడు. "వాళ్లు లేటు చెయ్యలే కాకా. గిది చూడు" అని చెయ్యి చాపాడు. బూతు గోడ గడియారంలో ఏడు. అతని చేతికి అయిదున్నర.

"ఖరాబైందా?"

"ఖరాబెందుకైతది? దుబాయి టైం. నెలకు మళ్ల పోయేటోన్ని, ఊకె ఎందుకు తిప్పుడు?"

పొద్దు మనకు ముందు పొడుస్తుంది, మన గడియారం ముందుంటుంది. వాళ్ల పది మన పదకొండున్నర. సరే. మరి ఎవరి పదో రాయొద్దా? పత్రికలు చదివి ఇంగ్లీషు నేర్చుకున్న నాకున్న బుద్ధి ఆఫీసులు నడిపేవాళ్లకు ఉండొద్దా?

"ఎప్పుడైనా సరే, ఇంకొక్కసారి చెయ్యుండ్రి అని రాయరాదే అన్నా" అన్నాడు తమ్ముడు.

"ఎప్పుడైనా అంటే మళ్ల ఉత్త పదే రాస్తరు తమ్మీ. టైం మనమే ఇద్దాం."

"శుక్రవారం మాత్రం ఇయ్యకు కాకా, ఆ రోజు అక్కడ ఆఫీసులు బంద్" అన్నాడు దుబాయి మనిషి.

ఫ్యాక్సు నేనే రాశాను. జరిగింది చెప్పి, వీలైన వేళలు ఇచ్చాను: శనివారం దుబాయి ఉదయం తొమ్మిది, అంటే ఇండియా ఉదయం పదిన్నర. ఆదివారం దుబాయి మధ్యాహ్నం మూడు, అంటే ఇండియా సాయంత్రం నాలుగున్నర. ఏది ఖాయం చేసినా రెండు సమయాలూ రాయమన్నాను. అవసరమైతే అభ్యర్థి పనితనం గురించి నేను కూడా మాట్లాడగలనని చివర చేర్చాను.

"నువ్వెందుకే అన్నా?" అన్నాడు తమ్ముడు. నేను వినలేదు.

మర్నాడు జవాబు వచ్చింది:

"గైర్హాజరు రద్దు చేశాం. ఆదివారం, దుబాయి మధ్యాహ్నం మూడు, ఇండియా సాయంత్రం నాలుగున్నర. ఇదే నంబరుకు మేమే ఫోన్ చేస్తాం. అభ్యర్థి ఒక్కరే మాట్లాడితే చాలు."