చెంచా చప్పుడు

జగ్గయ్యపేట నుంచి నందిగామ ఆఫీసుకి రోజూ బస్సులో వెళ్ళే కుటుంబరావుకి ఆలస్యం ఒంటికి పట్టిన జబ్బు. ఈసారి లేటయితే సగం రోజు సెలవు కోస్తానన్నాడు ఆఫీసరు. భయపడి భార్య అహల్య వంటింటి తలుపు మీద సుద్దతో రాసిపెట్టింది: ఆరింటికి గడ్డం, ఆరున్నరకి స్నానం, ఏడింటికి టిఫిను, ఏడున్నరకి గడప దాటడం. గోడ గడియారంలో వేళ కాగానే గ్లాసు మీద చెంచాతో మెల్లగా రెండుసార్లు కొట్టేది.

కుటుంబరావు ఆమెకి చెప్పకుండా ఆ గడియారాన్ని పది నిమిషాలు ముందుకి తిప్పాడు. అయినా చివరి చప్పుడు వినగానే ఉలిక్కిపడి లేచేవాడు. ‘ఇంకా పది నిమిషాలుందిలే’ అని తనకి తనే సర్దిచెప్పుకుని మళ్ళీ కూలబడేవాడు. వారం రోజులూ బస్సు అందింది.

సోమవారం కూడా అలాగే కూర్చుని లేచాడు. సందు మలుపు తిరిగేసరికి బస్సు కదిలిపోతోంది. క్యారేజీ పట్టుకుని పరిగెత్తినా అందలేదు. చెమటలు కక్కుతూ ఇంటికొచ్చి గడియారం వంక చూశాడు.

“నేను చెంచా కొట్టినా మీరు లేవట్లేదు కదండీ,” అంది అహల్య బెదురుగా. “గడియారం ఫాస్టుగా ఉంది, అందుకే నమ్మట్లేదేమో అనుకున్నా. నిన్న రేడియోలో టైము విని సరిచేశా.”

దాన్ని ముందుకి తిప్పింది తనేనని చెప్పడానిక్కూడా కుటుంబరావుకి ఆలస్యమైపోయింది.