బంతిలో ఆఖరి మనిషి

ప్రకాశం అన్నం తింటుంటే చూసినవాళ్లు ఏడాదిగా ఎవరూ లేరు. ఉప్పుగూడలో ఆయనది ఒక గది, వంటకో మూల, వాకిట్లో రెండు మెట్లు. మధ్యాహ్నం పన్నెండున్నర కాగానే తలుపు వేసి గడియ పెట్టుకునేవాడు. ప్రార్థన చేసుకుంటున్నాడని పక్కవాళ్లు అనుకునేవారు. కాదని ఆయనా చెప్పలేదు. అబద్ధమాడే మనిషి కాదు, కానీ ఎదుటివాళ్లు తమంతట తాము పొరబడితే దిద్దే ఓపికా లేదు.

లోపల జరిగేది వేరు. నోట్లోంచి పళ్ల సెట్టు తీసి నీళ్ల గ్లాసులో వేసి, ఆ తర్వాతే కంచం ముందు కూర్చునేవాడు. లోకమంతా తినడానికి పళ్లు కట్టించుకుంటుంది. మన ప్రకాశం తినేటప్పుడు తీసేసి, నలుగురిలోకి వెళ్లేటప్పుడు పెట్టుకునేవాడు. పళ్లు లేని నోరు ఎవరి కంటా పడకూడదు, అంతే ఆయన పట్టుదల. డెబ్బై ఒకటో ఏట ఈ షోకేమిటని నవ్వకండి. పరువు అనేది వయసుతో పాటు రాలిపోయే పన్ను కాదు.

ఆ సెట్టు ఆరేళ్ల కిందటిది. భార్య చంద్రమ్మ బతికుండగా పోరుపెట్టి కట్టించింది. పళ్లు పోయిన దవడ ఏటా కొంత అరుగుతూనే ఉంటుందని, సెట్టు వదులవుతుందని, ఏడాదికోసారి వచ్చి చూపించుకొమ్మని ఆనాడే డాక్టరు చెప్పాడు. ఆయన ఒక్కసారీ పోలేదు. ముప్పై అయిదేళ్లు బస్సుల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి, సర్వీసింగుకు ఒక్క రోజు ఆలస్యమైతే డ్రైవర్ల మీద లొల్లి చేసిన మనిషి, తన నోటికీ ఒక సర్వీసింగు ఉంటుందని మాత్రం ఒప్పుకోలేదు.

చంద్రమ్మ పోయాక తిండి తగ్గింది, ఒళ్లు తగ్గింది. దవడ అరిగి కింది సెట్టు ఎగిరెగిరి పడటం మొదలుపెట్టింది. ఒక మూల ఒరుసుకుని చిగురు పుండైంది. ఇంకెవరైనా డాక్టరు దగ్గరికి పోయేవారు. ప్రకాశం పాత పెట్టె తెరిచి గుండ్రటి ఆకురాయి తీశాడు. మెట్ల మీద కూర్చుని, ఒరుసుకునే చోట అరగదీసి, పైన గరుకు కాగితంతో నున్నగా చేశాడు. చేతిపనిలో వంక పెట్టడానికి లేదు. ఒక మూల మంట తగ్గింది, ఇంకో మూల మొదలైంది. అక్కడా అరగదీశాడు. మూడోసారికి ఆ సెట్టు కాళ్లు సమంగా లేని పీటలాగా కదలసాగింది. తన చేత్తో పాడైన పని ఒకటి ఉందని ఫిట్టరు ఎవరికి చెప్పుకుంటాడు?

చిగుళ్లతో నమిలితే ఏం నలుగుతుంది? ముద్దలు ముద్దలుగానే దిగేవి. రొట్టెముక్కలు నీళ్లతో తోసేసేవాడు. కూరగాయ ముక్కలు ఏరి పక్కన పెట్టి, క్రమంగా వండటమే మానేశాడు. చాయ్‌లో రస్కు, చాయ్‌లో బన్ను, అదే పూట గడిపేది. నాలుగు ముద్దలకే కడుపు రాయిలా బరువు, పుల్లటి తేన్పులు. విరేచనం మూడు రోజులకోసారి. మెడికల్ షాపులో గ్యాసు గోలీలు, బండి మీద సోడా. ఇదంతా ముసలితనం అనుకున్నాడు.

ఆదివారాలు చర్చిలో ప్రేమవిందు పెడితే నడుముకు తువ్వాలు కట్టి వడ్డనకు నిలబడేవాడు. వడ్డించేవాణ్ణి తిను అని ఎవరూ బలవంతపెట్టరు కదా. ఎంత వినయం గల మనిషి అని అందరూ మెచ్చుకునేవారు. సాంబారు బకెట్టు మోస్తూ ఆ మెచ్చుకోలు వింటుంటే ఏడుపొచ్చేది ఆయనకు.

అన్నిచోట్లా తప్పించుకోవచ్చు, బీరయ్య దగ్గర కుదరదు. బీరయ్యది పాల వ్యాపారం. వర్క్‌షాపు క్యాంటీనుకు పాలు పోసే రోజుల నుంచి ఇద్దరూ ఒకే చెట్టు నీడన డబ్బాలు విప్పుకున్న దోస్తులు. బర్రెలు తగ్గినా, పొద్దున్నే పాలక్యానుతో వచ్చి ప్రకాశం గిన్నెలో అర లీటరు పోసి, మెట్టు మీద కూర్చుని అరగంట ముచ్చటపెట్టందే కదిలేవాడు కాదు. ప్రకాశంతో రోజూ మాట్లాడే మనిషంటూ మిగిలింది ఆయనొక్కడే. కూతురు సోనీ వారానికోసారి వస్తుంది. వచ్చినా దానికి బస్సు టైము గుర్తొస్తూనే ఉంటుంది పాపం.

బీరయ్య కొడుకు బాలరాజ్ జల్‌పల్లిలో చిన్న ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం మరునాడు దావత్. సెట్టు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్రకాశం వెళ్లాడు. బీరయ్య చెయ్యి పట్టుకుని బంతిలో తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. మటన్ వడ్డించేవాడి చేతిలో గరిటె లాక్కుని మరీ మంచి ముక్కలు, పైన మూల్గబొక్క తానే వేశాడు.

"తిను ప్రకాశం. నీకోసమే తీసిపెట్టిన."

ప్రకాశం నమలబోయాడు. కింది సెట్టు పైకి లేచింది. టకటకమని చప్పుడు. పక్కవాళ్లు విన్నారేమోనని ఒక ముక్కను అలాగే మింగాడు. ఇంకోటి. ఇంతలో ఎవరో పిలిస్తే బీరయ్య లేచి వెళ్లాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే తిని లేచారు. బల్ల మీది కాగితం ఆ చివర నుంచి చుట్టుకుంటూ వస్తున్నారు, తర్వాతి బంతి వాళ్లు కుర్చీల వెనక కాచుకుని నిలబడ్డారు. ఆ పొడుగు బల్ల దగ్గర తినేవాడు తానొక్కడే మిగిలాడు. తొందరలో మింగిన మూడో ముక్క గొంతులో అడ్డం పడింది. కళ్లు తేలేసి దగ్గేసరికి ముక్కతో పాటు సెట్టు కూడా తువ్వాల్లోకి వచ్చిపడింది. మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, ప్లేటు అలాగే వదిలి, చెప్పకుండా గేటు దాటిపోయాడు.

బీరయ్య చూసింది వదిలేసిన ప్లేటును, ముట్టని మూల్గబొక్కను. కొడుకు కట్టిన మొదటి ఇంట్లో మొదటి దావత్‌లో దోస్తు కూడు కాదని లేచిపోయాడు. మనలో ఇంతకన్నా పెద్ద అవమానం ఏముంది?

మర్నాడు పాలు వచ్చాయి. బీరయ్య గిన్నెలో పోశాడు, క్యాను ఎత్తుకున్నాడు, వెళ్లిపోయాడు. మెట్టు మీద కూర్చోలేదు. ఆ మర్నాడూ అంతే. అలా రెండు నెలలు. ప్రకాశం రోజూ ఆ మెట్టు తుడిచిపెట్టేవాడు. నోరు తెరిచి సంగతి చెబితే పోయేది, కానీ ఆ నోరు తెరవడమే కదా కష్టం. గదిలో గోడలతో మాట్లాడుకునే దశకు వచ్చాడు. ఒంటరితనం కూడా అరగదు.

ఒక మంగళవారం పగటిపూట ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టాయి. గుండె అనుకుని గోడలు పట్టుకుంటూ బస్తీ దవాఖానాకు వెళ్లాడు. డాక్టర్ స్రవ్య చిన్నపిల్ల, కానీ తొందరపడే రకం కాదు. బీపీ చూసింది, ఈసీజీ తీయించింది, రక్తపరీక్ష రాసింది. పాత చీటీతో పోల్చి బరువు చూసింది. ఆరు నెలల్లో అయిదు కిలోలు తగ్గాడు.

"తాతా, పొద్దున ఏం తిన్నరు?"

"బన్ను, చాయ్."

"నిన్న?"

"గదే."

"నోరు తెరవండి."

ఆయన తెరవలేదు. ఆమె అడిగింది అడిగినట్టే కూర్చుంది. చివరికి తెరిచాడు. ఆమె టార్చి వేసి చూసింది, సెట్టు తీయించి కింద పుండూ చూసింది.

"ఇది పెట్టుకొని తింటున్నరా, తీసి తింటున్నరా?"

"తీసి," అన్నాడు నేల చూస్తూ. అడిగినవాళ్లు లేక ఆగిన మాట, అడగ్గానే వచ్చేసింది.

ఈసీజీ బాగానే ఉందని ఆమె చెప్పింది. "నమలంది మింగితే కడుపు బరువు, తేన్పులు గిట్లనే వస్తయి. కూరగాయలు మానేస్తే మోషన్ ఎట్లయితది? కానీ ఇంత బరువు తగ్గినంక ఊరికే పండ్ల మీదనే తోసెయ్యను. పెద్దాసుపత్రికి రాస్త, కడుపు కూడా చూపించుకోవాలె. ఛాతి మళ్లీ బరువైతే ఆగకుండా రండి. ముందుగాల పండ్ల దవాఖానాకు పోండి."

పండ్ల దవాఖానాలో సెట్టును అటూ ఇటూ తిప్పి చూసిన డాక్టరు, "దీన్నెవరు అరగదీసిండ్రు?" అన్నాడు.

"నేనే సార్."

"పని మంచిగుంది. సెట్టు మాత్రం ఖతం." అరగదీయకుండా ముందే వచ్చి ఉంటే లోపల పూత వేసి బిగించడానికి వీలుండేదేమో, ఇప్పుడు కొత్తది కట్టాల్సిందే అన్నాడు. అంతకంటే ముందు పుండు మానాలి. రెండు వారాలు సెట్టు పెట్టుకోకూడదు. అప్పటికీ మానకపోతే ముక్క తీసి పరీక్షకు పంపాలి. మానితే కొలతలు, నాలుగైదు సార్లు తిరగడం. దాదాపు రెండు నెలలు బోసినోరే.

"గన్ని దినాలు మనుషులల్ల ఎట్ల తిరగాలె సార్?"

"కాళ్లతోని," అన్నాడు డాక్టరు, చీటీ రాస్తూ. మెత్తగా ఉడికిన కిచిడీ, పప్పు, గుడ్డు, పెరుగు, జావ, నలిపిన సొరకాయ, బొప్పాయి, ముల్లు తీసిన చేప. కొంచెం కొంచెంగా, నిదానంగా, కూర్చుని తినాలి. తిన్న వెంటనే పడుకోవద్దు.

ఆ రాత్రి ఏం ఆలోచించాడో నాకు తెలియదు. మర్నాడు పొద్దున మాత్రం పాలకోసం ఆగలేదు. జేబులో సెట్టు వేసుకుని, లోపలికి పోయిన బుగ్గలతో, అందరూ చూస్తుండగా బజారు మధ్యలోంచి నడిచి బీరయ్య ఇంటికి వెళ్లాడు. దారిలో ఇద్దరు పలకరించారు. ఆయన మూతికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అది ఎంత కష్టమో ఆయనకే తెలుసు.

బీరయ్య వాకిట్లో క్యాను కడుగుతున్నాడు. తలెత్తి చూసి, ఒక్క క్షణం గుర్తుపట్టలేదు.

ప్రకాశం సెట్టు తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. "నీ కూర కాదన్లే బీరన్నా. దీనితోని నమలరాలే. సిగ్గై పారిపోయిన."

బీరయ్య క్యాను పక్కకు నెట్టి, ఆ సెట్టును వెలుతురుకు పట్టి చూశాడు. "రెండు నెలలు! ఇంత మాట చెప్పనీకి రెండు నెలలారా? నేనేం పాపం చేసిన్నో అని నిద్ర పట్టలే నాకు," అని అరిచాడు. ఆ అరుపుకు ఆయన భార్య పుష్పమ్మ బయటికి వచ్చింది. ప్రకాశం లోపలికి పోయిన బుగ్గలు చూసింది. "జొన్న గట్క వండిన అన్నా, మెత్తగనే ఉంది. కూసో," అంది.

ఇద్దరికీ కంచాలు పెట్టింది. మెత్తగా ఉడికిన జొన్నరవ్వ గట్క, గడ్డ పెరుగు, పక్కన నలిపిన పప్పు. బీరయ్య పాలవాడి తిండి, అయిదు నిమిషాల్లో కంచం ఖాళీ. ప్రకాశం ఒక్కో ముద్ద చిగుళ్ల మీద నలుపుతూ, ఆగి, మళ్లీ నలుపుతూ తింటున్నాడు. దవడలు కదిలినప్పుడల్లా మొహం ముడుచుకుంటోంది. దాచుకోవడం మానేశాడు. సగం కూడా కాలేదు, ఇరవై నిమిషాలు గడిచాయి. పాలు పోయాల్సిన ఇళ్ల నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

"లేవన్నా. నేను తినేసరికి ఆలస్యమైతది," అన్నాడు ప్రకాశం.

బీరయ్య ఫోను తిరగేసి నేల మీద పెట్టాడు. కుడిచేతి వేళ్లకు గట్క ఎండిపోయి తెల్లగా పెచ్చు కట్టింది. ఆ చెయ్యి కంచంలోనే ఉంచుకుని కూర్చున్నాడు.

"నువ్వు తిను. నేను బంతిల ఉన్న."